సైకిలు స్టాండు వేసినట్టుంది ఎందుకు?

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి ప్లస్ వన్ చదువుతోంది, సైకిల్ రేసుల్లో దిగుతోంది. ఆదివారాలు పొద్దున్నే బెసెంట్ నగర్ బీచ్ రోడ్డులో ప్రాక్టీసు చేస్తుంది. నా దగ్గర 18-55 లెన్సుతో మామూలు కెమెరా ఉంది. కదిలేవాటికి షట్టర్ స్పీడు 1/1000 పెట్టమని ఎవరో చెబితే అలాగే తీస్తున్నాను. ఫోటో షార్పుగానే వస్తోంది గానీ, పిల్ల స్టాండు వేసిన సైకిలెక్కి కూర్చున్నట్టుంది. చిత్రమేమిటంటే అదే సెట్టింగుతో మా బాబు ఈత కొడుతుంటే తీసినవి ప్రాణమున్నట్టున్నాయి. అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాలేదు? స్పీడు కనబడాలంటే ఏం చేయాలి?
— ఒక తండ్రి, అడయారు

జవాబు:

నీటిబొట్టు గాల్లో నిలబడదండీ. సైకిలు నిలబడుతుంది. మీ రెండు రకాల ఫోటోలకీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

మీ బాబు బటర్‌ఫ్లై కొడుతూ పైకి లేచినప్పుడు భుజాల చుట్టూ వంద బొట్లు గాల్లో ఆగిపోయి కనిపిస్తాయి. అవి అక్కడ ఉండలేవని చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. పడబోయే దాన్ని మీరు మధ్యలో పట్టుకున్నారు, మిగతా పతనం వాళ్ల బుర్రలో జరిగిపోతుంది. పరుగెత్తేవాడి రెండు కాళ్లూ నేల మీద లేని క్షణమైనా అంతే. మలుపులో రోడ్డు మీదికి ఒరిగిపోయిన సైకిలైనా అంతే, ఆగి ఉంటే ఆ ఒరుగుడుకి పడిపోవాలి కదా. కానీ తిన్నటి రోడ్డు మీద నిటారుగా వెళ్లే సైకిలు, ఆగి ఉన్న సైకిలు ఒక్కలాగే ఉంటాయి. దాన్ని 1/1000తో ఆపేస్తే అది వెళుతోందనడానికి ఫోటోలో సాక్ష్యం మిగలదు.

నాకిది అవమానంతో తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక స్కూలు స్పోర్ట్స్ డేకి ఫోటోలు తీయమన్నారు. సైకిల్ రేసు మొత్తం 1/2000తో తీసి గర్వంగా పట్టుకెళ్లాను. పీటీ మాస్టారు ఒక్కొక్కటే తిరగేసి, "ఇవి స్టార్టింగుకి ముందువి కదా సార్, రేసువి ఎక్కడ?" అన్నారు. ఆయనది వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.

లెక్క వేసి చూద్దాం. ప్రాక్టీసులో మీ అమ్మాయి గంటకి 25 కిలోమీటర్లు తొక్కుతోందనుకోండి, అంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. 1/1000 సెకనులో సైకిలు కదిలేది 7 మిల్లీమీటర్లు. రేసు సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ కాసేపట్లో చక్రం తిరిగేది ఒక డిగ్రీ చిల్లర. 24 స్పోకులున్న చక్రంలో స్పోకుకీ స్పోకుకీ మధ్య 15 డిగ్రీలుంటాయి. ఒక డిగ్రీ తిరిగితే ఏం తెలుస్తుంది? ప్రతి స్పోకూ విడివిడిగా లెక్కపెట్టేలా ఉంటుంది. అందుకే స్టాండు వేసినట్టుంది. ఈసారి కంప్యూటర్లో పెద్దది చేసి చూడండి, స్పోకులు లెక్కపెట్టగలిగితే ఆ ఫోటోలో స్పీడు లేదన్నమాటే.

అదే 1/40 పెడితే చక్రం 30 డిగ్రీలు తిరుగుతుంది. ప్రతి స్పోకూ పక్క స్పోకుని దాటి ఇంకో దాని చోటికి చేరుతుంది కాబట్టి విడి స్పోకులు మాయమై, పల్చటి గాజు పళ్లెంలా ఒకే బూడిద రంగు మిగులుతుంది. కాకపోతే కెమెరాని కదలకుండా పట్టుకుని 1/40 పెడితే అమ్మాయి కూడా 17 సెంటీమీటర్లు సాగిపోయి గుర్తుపట్టకుండా పోతుంది. అందుకని షట్టర్ తెరుచుకున్నంతసేపూ కెమెరాని ఆమెతోపాటే తిప్పాలి. దీన్నే ప్యానింగ్ అంటారు. అప్పుడు ఫ్రేములో అమ్మాయి నిలబడుతుంది, వెనక ఉన్న లోకమంతా అడ్డంగా సాగుతుంది.

ఎంత సాగుతుందన్నదానికి ఒక తేలిక కొలత ఉంది. షట్టర్ తెరిచి ఉన్నప్పుడు సైకిలు ఎంత దూరం పోయిందో, ఫోటోలో వెనకటి చారలు అంత పొడవే వస్తాయి, సైకిలు పొడవుతో పోల్చుకుని. సైకిలు పొడవు సుమారు 1.7 మీటర్లు, 1/40లో అది పోయింది 17 సెంటీమీటర్లు, అంటే పదో వంతు. కాబట్టి మీ ఫోటోలో సైకిలు 10 సెంటీమీటర్లుంటే వెనక ప్రతి చుక్కా ఒక సెంటీమీటరు గీతవుతుంది. ఈ కొలతకి మీరు ఏ లెన్సు వాడారు, ఎంత దూరంలో నిలబడ్డారు, వెనక గోడ దగ్గరుందా దూరముందా అన్నవాటితో పని లేదు, ఎందుకంటే కెమెరా అక్కడికక్కడే తిరుగుతోంది, కదలని వస్తువులన్నీ ఒకే కోణంతో జరుగుతాయి. 1/250 పెట్టారనుకోండి, చారలు సైకిలులో అరవయ్యో వంతు ఉంటాయి. అది మరీ అన్యాయమైన స్థితి: బ్లర్ అని తెలియదు, షార్పూ కాదు, ఫోకస్ తప్పిందేమో అనిపిస్తుంది. 1/15 పెడితే చారలు నాలుగో వంతు దాటి వెనకంతా రంగులు అలికినట్టు బ్రహ్మాండంగా వస్తుంది, కానీ తొక్కుడుకి తల ఊగడం, భుజాలు కదలడం కూడా రికార్డవుతాయి. వందలో ఒకటి దక్కినా దక్కినట్టే. మొదట 1/80తో చెయ్యి అలవాటు చేసుకుని, 1/60కి, తర్వాత 1/40కి దిగండి. మీ అమ్మాయి స్పీడుకి 1/40 దగ్గర ఆగితే నా లెక్కలో సరిపోతుంది.

ఇక నిలబడే చోటు. బీచ్ రోడ్డులో ఎవరైనా సముద్రం వైపు తిరిగి తీయాలనుకుంటారు, అందంగా ఉంటుంది కదా అని. ప్యానింగ్‌కి అది పనికిరాదు. ఖాళీ ఆకాశాన్ని ఎంత సాగదీసినా ఖాళీ ఆకాశమే, చార ఎక్కడి నుంచి వస్తుంది? సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూడండి. అటు కొట్ల బోర్డులు, కాంపౌండు గోడలు, చెట్ల సందుల్లోంచి వెలుగు చుక్కలు, ఆపి ఉన్న బండ్లు, ఇలా రంగూ వెలుగూ నీడా గజిబిజిగా ఉన్నదంతా మీకు సరుకే. మామూలు ఫోటోకి చెత్తగా కనబడే బ్యాక్‌గ్రౌండ్ ఇక్కడ బంగారం. పైగా పొద్దున సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు కాబట్టి మీ వెనక నుంచి అమ్మాయి మొహం మీద పడతాడు.

రోడ్డుకి మరీ ఆనుకుని నిలబడకండి. 8 మీటర్ల దూరం ఉంటే మేలు. దగ్గర్నుంచి చూస్తే సైకిలు రెండు చివరలూ, మధ్య భాగమూ మీ ముందు ఒకే వేగంతో తిరగవు, మధ్యది వేగంగా, చివరలు నెమ్మదిగా జరుగుతాయి. 2.5 మీటర్లలో నిలబడి అమ్మాయిని సరిగ్గా వెంబడించినా 1/40లో చక్రాల దగ్గర దాదాపు 2 సెంటీమీటర్ల తేడా వచ్చి అవి చెదిరిపోతాయి. 8 మీటర్ల దగ్గర ఆ తేడా 2 మిల్లీమీటర్లే. అమ్మాయి నడుం షార్పుగా ఉండి హ్యాండిలూ వెనక చక్రమూ మెత్తబడ్డ ఫోటోలు వస్తుంటే తప్పు మీ చేతిది కాదు, కాలిది. నాలుగడుగులు వెనక్కి వేయండి. మీ లెన్సుని 40 దగ్గర పెడితే ఆ దూరంలో ఫ్రేములో నాలుగున్నర మీటర్ల రోడ్డు పడుతుంది. మొదట్లో అంత చోటు ఉండనివ్వండి, చెయ్యి కుదిరాక 55కి వెళ్లొచ్చు. సైకిలు వెనక కన్నా ముందు ఎక్కువ ఖాళీ ఉంచండి.

కెమెరాలో S గానీ Tv గానీ పెట్టి 1/40, ISO 100. ఎపర్చర్ అదే చూసుకుంటుంది. సూర్యుడు పైకొచ్చిన తొలి అరగంటలో అది f/11 నుంచి f/16 దాకా ఉంటుంది, పర్వాలేదు. ఎనిమిదింటికి ఎండ ముదిరిందంటే f/29 దాకా అడుగుతుంది. అప్పుడు ఫోటో మొత్తం మెత్తబడుతుంది, సెన్సర్ మీది దుమ్ము కూడా ఆకాశంలో నల్ల చుక్కలుగా తేలుతుంది. ఆలస్యంగా లేచే ఇల్లయితే ఎన్‌డీ8 ఫిల్టరొకటి కొనుక్కోండి, అది వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గిస్తుంది, f/29 కాస్తా f/10 అవుతుంది. లెన్సు మీద వణుకు తగ్గించే మీట ఉంటే, అందులో ప్యానింగ్‌కి వేరే మోడ్ ఉంటే అది పెట్టండి, లేకపోతే ఆపేయండి. లేదంటే మీరు కావాలని తిప్పుతున్నదాన్ని కూడా అది వణుకనుకుని అడ్డుపడొచ్చు. ఫోకస్ గురించి బెంగ వద్దు. f/11లో 8 మీటర్ల దగ్గర కావలసినంత వెసులుబాటుంటుంది. ఆమె పోయే గీత మీద ముందే ఫోకస్ చేసి లాక్ చేసేయండి.

శరీరం ఎలా తిప్పాలన్నది మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. అమ్మాయి ఎక్కడుండగా తీయాలో ఆ చోటికి, అంటే సరిగ్గా మీ ఎదురుకి, పాదాలు తిప్పి నిలబడండి. పాదాలు కదపకుండా నడుం మాత్రం ఆమె వచ్చే వైపుకి మెలితిప్పండి. మోచేతులు పొట్టకి ఆనించుకోండి. దూరంగా ఉండగానే ఆమె హెల్మెట్‌ని ఫ్రేములో ఒక చోట పెట్టుకుని, అది అక్కడి నుంచి జరగకుండా నడుం విప్పుకుంటూ రండి. ఎదురుకి వచ్చేసరికి మెలిక పూర్తిగా విడిపోయి ఒళ్లు తేలికవుతుంది, అప్పుడు నొక్కండి. నొక్కాక ఆగకండి. క్రికెట్టులో బంతి తగిలాక కూడా బ్యాటు పోతూనే ఉంటుంది చూశారా, అలా ఆమె దాటిపోయేదాకా తిరుగుతూనే ఉండాలి. కొత్తవాళ్లలో ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే, క్లిక్ వినపడగానే పని అయిపోయిందని చెయ్యి నిలిపేస్తారు. షట్టర్ ఇంకా తెరిచే ఉంటుంది.

మొదటి ఆదివారం నలభై సార్లు అటూ ఇటూ తిప్పితే మూడో నాలుగో దక్కుతాయి. దక్కనివాటిని అక్కడే డిలీట్ చేయకండి, ఇంటికొచ్చి పెద్దవి చేసి చూడండి. హెల్మెట్ మీదో హ్యాండిల్ మీదో ఎండకి మెరిసే చిన్న చుక్క ఉంటుంది. ఏం తప్పు జరిగిందో ఆ చుక్కే చెబుతుంది. అది చుక్కలాగే ఉంటే ఫోటో కుదిరింది. అడ్డంగా చిన్న గీతయితే మీ వేగం ఆమె వేగంతో కలవలేదు, చాలాసార్లు నొక్కేటప్పుడు ఆగిపోవడం వల్లే. నిలువు గీతయితే బటన్‌ని పొడిచినట్టు నొక్కారు, కెమెరా కిందికి జర్కయింది. గీత ఏటవాలుగా ఉండి, వెనక చారలు కూడా రోడ్డుకి సమాంతరంగా లేకపోతే తిరిగేటప్పుడు ఒక భుజం కుంగుతోందన్నమాట. తప్పు ఏదో తెలిస్తే మరుసటి వారం దాని ఒక్కదాని మీదే శ్రద్ధ పెట్టొచ్చు.

కాళ్లు చెదిరితే మాత్రం తప్పనుకోకండి. నిమిషానికి 90 చుట్లు తొక్కే పాదం 1/40లో 4 సెంటీమీటర్లు కదులుతుంది, కదలనివ్వండి. మొహమూ సైకిల్ ఫ్రేమూ నిలబడి, పాదాలూ స్పోకులూ చెదిరి, రోడ్డు చారలైపోతే అదే మీరడిగిన స్పీడు.

"ఇంత తంటా ఎందుకు, పాత ఫోటోకే కంప్యూటర్లో వెనక బ్లర్ పెట్టేస్తే పోలేదా" అని మీ అమ్మాయే అడగొచ్చు. పెట్టొచ్చు, కానీ రెండు చోట్ల దొరికిపోతుంది. స్పోకులు నిక్కచ్చిగా నిలబడి ఉంటాయి, ఇది ఒకటి. రెండోది నీడ. నీడ సైకిలుతోపాటే పరుగెడుతుంది కదా, అసలు ప్యానింగ్‌లో రోడ్డు చారలైపోయినా దాని మీది సైకిలు నీడ ఆకారం చెదరకుండా ఉంటుంది. కంప్యూటర్లో చేసేవాళ్లు సైకిలుని వదిలి రోడ్డంతా అలికేస్తారు, దాంతో నీడ కూడా కొట్టుకుపోతుంది. ఒకసారి ఈ సంగతి కన్నుకి అలవాటైతే, ప్రకటనల్లో ఎన్ని కార్లకి నీడలు గల్లంతయ్యాయో మీకే కనబడుతుంది.

ఇంకొకటి, కొత్త కెమెరాలు తీసుకున్నవాళ్లు తరచూ అడిగేది. ప్యానింగ్ చేస్తే వెనక కరెంటు స్తంభాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోతున్నాయని. చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఫోటోని ఒక్కసారిగా తీయదు, వరసలు వరసలుగా ఒక అంచు నుంచి రెండో అంచు దాకా చదువుతుంది. ఈలోగా కెమెరా తిరిగిపోతుంది కాబట్టి స్తంభం పైభాగం ఒకచోట, మొదలు ఇంకోచోట పడతాయి. మెకానికల్ షట్టర్‌కి మారిస్తే పోతుంది. ఫోనులో ఆ అవకాశం ఉండదు. విచిత్రమేమిటంటే ఈ తప్పే ఒకప్పుడు స్పీడుకి గుర్తయింది. 1910ల తొలి ఏళ్లలో ఫ్రాన్సులో జాక్ ఆంరి లార్తీగ్ అని ఇంకా ఇరవై నిండని కుర్రాడు రేసు కారుని ప్యాన్ చేస్తూ తీశాడు. అప్పటి కెమెరాలో షట్టర్ చీలిక నెమ్మదిగా జరిగేది. కారు వేగాన్ని అతను పూర్తిగా అందుకోలేదు కూడా. దాంతో కారు చక్రం ముందుకు ఒరిగిన కోడిగుడ్డయింది, రోడ్డు పక్క జనం వెనక్కి వాలిపోయారు. కారు ముందుభాగం ఫ్రేములోనే లేదు. పనికిరాదని పక్కన పెట్టాల్సిన ఆ ఫోటో ఇవాళ ప్రపంచ ప్రసిద్ధం. కార్టూన్లలో దూసుకుపోయే కార్ల చక్రాలు ముందుకు ఒరిగి ఉండటం మీరు చూసే ఉంటారు, అదే ఒరుగుడు.

ఈత ఫోటోల్లో 1/1000ని వదలొద్దు, కుదిరితే 1/2000కి వెళ్లండి. చేతి విసురుకి ఎగిరిన బొట్టు సెకనుకి 4 మీటర్ల వేగంతో పోతోందనుకుంటే 1/1000లో 4 మిల్లీమీటర్లు సాగి చిన్న పుల్లలా పడుతుంది, 1/2000లో గుండ్రంగా దగ్గర పడుతుంది. అయితే అక్కడ షట్టర్ కన్నా వెలుగు ముఖ్యం. నీళ్లకి సొంత రంగు లేదు, వెనక నుంచి వెలుగు దూరి వస్తేనే బొట్టు అంచు మెరుస్తుంది. సాయంత్రం ఎండ బాబు వెనక నుంచి పడేలా, బాబుకి వెనకగా నీడలో ఉన్న గోడ వచ్చేలా గట్టు ఎంచుకోండి. తెల్ల టైల్స్ ముందు ఎంత తుంపర లేచినా ఫోటోలో కనబడదు. గట్టు మీద బోర్లా పడుకుని కెమెరాని నీటిమట్టానికి తెస్తే తుంపర అంతా ఆ నీడ గోడ మీదికి లేస్తుంది. మెరుపులు తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజరు ఒక స్టాపు తగ్గించండి. ఫ్లాష్ వాడకండి, పోటీల్లో ఎలాగూ వాడనివ్వరు.

అన్నట్టు, బీచ్ రోడ్డులో నడుచుకుంటూ వెళ్లేవాళ్లు పొద్దున ఎక్కువ. కంటికి కెమెరా పెట్టుకుని తిరుగుతుంటే పక్కన ఎవరున్నారో మీకు తెలియదు. ఇంట్లోంచి ఒకరిని తోడు తెచ్చుకోండి. మా ఆవిడ చాలాకాలం ఆ పని చేసింది, ఇప్పుడు రానంటోంది.